ఇంటి లెక్క చూద్దాం రా అని మెసేజ్ పెట్టడం ఎలా

(హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ఆదివారం ఉదయం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే.

మీ అసోసియేషన్ వాళ్ళు ఫోన్ చేసి "పొదుపు గురించి చెప్పండి సార్" అన్నారు. వద్దన్నాను. పొదుపు చెయ్యాలని ఈ హాల్లో తెలియనివాళ్ళు ఎవరున్నారు? నేను బ్యాంకులో లోన్ సెక్షన్లో చాలాకాలం పనిచేశాను, రిటైరయ్యాక మొగుడూపెళ్ళాల్ని కూర్చోబెట్టి ఇంటి బడ్జెట్ వేయించే పనిలో పడ్డాను. వచ్చే జంటల్లో ఎక్కువమందికి కూడికలు, తీసివేతలు బాగానే వచ్చు. కొందరు నాకంటే మంచి ఎక్సెల్ షీట్లు తెస్తారు. వాళ్ళు ఆగిపోయేది అంతకుముందే, "ఒకసారి కూర్చుందాం" అని రెండో మనిషిని పిలవాల్సిన చోట. పిలుస్తారు, అది కాస్తా గొడవవుతుంది, ఇంక ఆర్నెల్లు ఆ ఊసెత్తరు. అందుకని ఇవాళ ఆ ఒక్క మెసేజ్ గురించే మాట్లాడతాను. బడ్జెట్ ఎలా వెయ్యాలో ఇంకోరోజు చూద్దాం.

మెసేజ్ ఎందుకు, ఎదురుగా ఉన్న మనిషిని నోటితో అడగొచ్చు కదా అని మీకు రావచ్చు. అడగ్గలిగితే అడగండి, అంతకంటే మంచిది లేదు. కానీ మన ఇళ్ళు ఎలా ఉంటాయో మీకు తెలుసు. హాల్లో అత్తగారు టీవీ చూస్తుంటారు, పిల్లలు హోంవర్క్ అని చుట్టూ తిరుగుతుంటారు, ఇద్దరికీ ఏకాంతంగా దొరికేది రాత్రి పదిన్నరకి, అప్పటికి ఒకరికి నిద్ర, ఒకరికి చిరాకు. మెసేజ్ అయితే చదివినవాళ్ళకి జవాబిచ్చే లోపు కాస్త ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది. ఇబ్బంది ఏంటంటే అందులో మన గొంతు వినపడదు. మీరు మామూలుగా రాసిన మాటని అవతలివాళ్ళు కోపంగా చదువుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి నోటితో అన్నదానికంటే ఒక మెట్టు మెత్తగా రాయాలి.

మొదటి మాట అంత ముఖ్యమా అంటే, అమెరికాలో జాన్ గాట్‌మన్ అనే ఆయన భార్యాభర్తల మాటల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశాడు. సిబిల్ కారేర్ అనే సహ పరిశోధకురాలితో కలిసి 1999లో ఒక అధ్యయనం ప్రచురించాడు. కొత్తగా పెళ్ళయిన 124 జంటల్ని తమ మధ్య తేడా ఉన్న ఒక విషయం మీద మాట్లాడుకోమని రికార్డు చేశారు. ఆ మాటల్లో మొదటి మూడు నిమిషాలు ఎలా సాగాయన్నదాన్ని బట్టే, తర్వాత ఆరేళ్ళలో ఎవరు విడిపోతారో చాలావరకు అంచనా కట్టగలిగారు. అది అమెరికా, అది నోటిమాట, 124 జంటలంటే పెద్ద లెక్కేం కాదు, ఇవన్నీ ఒప్పుకుంటాను. అయినా దురుసుగా మొదలైన మాట దురుసుగానే ముగుస్తుందన్నది మన ఇళ్ళలో చూడట్లేదా? ఫోన్లో పంపే మెసేజే ఆ మాటకి మొదలు. మనిషి బల్ల దగ్గరికి రాకముందే సగం పని అయిపోవడమో, చెడిపోవడమో జరుగుతుంది.

ఇప్పుడు ఒక జంట కేసు చెప్తాను. పేర్లు, ఊళ్ళు చెప్పను, వివరాలు కూడా కొంచెం మార్చాను, లెక్క మాత్రం అలాంటిదే. ఆయనకి ప్రైవేట్ కంపెనీలో 78 వేలు చేతికొస్తుంది, ఆవిడ స్కూల్లో టీచర్, 32 వేలు. మొత్తం లక్షా పదివేలు. సొంత ఫ్లాట్, దానికి ఈఎమ్ఐ. ఒక పాప. డిసెంబరు 22వ తేదీ సాయంత్రం ఆవిడ బ్యాంకు యాప్ తెరిచింది. జాయింట్ అకౌంట్లో మూడువేలు ఉన్నాయి. అదే పూట ఆయన ఫోన్‌కి కార్డు బిల్లు మెసేజ్ వచ్చింది, పక్కనే ఉండి చూసింది, 46 వేల చిల్లర. కళ్ళు తిరిగాయి. ఆయన బయటికెళ్ళాక ఫోన్ తీసి ఇలా టైప్ చేసింది. పంపలేదు, అదృష్టం, నాకు చూపించింది.

"ఈ నెల కూడా 22కే 3 వేలు మిగిలాయి. ఎప్పుడు చూసినా ఇదే. మీ అమ్మవాళ్ళకి 10 వేలు పంపడం మాత్రం ఆగదు. కార్డు మీద నెలకి 46 వేలు ఎందుకు గీకుతున్నారో నాకర్థం కావట్లేదు. కనీసం ఒక్కసారైనా కూర్చుని లెక్క చూద్దామంటే మీకు టైమ్ ఉండదు. టెన్షనంతా నేనొక్కదాన్నే పడాలా?"

(నవ్వులు)

నవ్వుతున్నారు, ఎందుకంటే ఇలాంటిది మీ ఫోన్లో కూడా ఉంది. ఇందులో బూతు లేదు, తిట్టు లేదు. మర్యాదగా మీరు అనే రాసింది. అయినా ఇది చదివిన మనిషి ఆదివారం లెక్క చూడ్డానికి వస్తాడా? రాడు. వచ్చినా వకీలుని వెంటబెట్టుకున్నట్టు వస్తాడు.

ఎక్కడ గుచ్చుతోందో చూడండి. పెద్ద మాటలు కావు, చిన్న మాటలు. "ఈ నెల కూడా" అన్నదాంట్లో "కూడా". "పంపడం మాత్రం" అన్నదాంట్లో "మాత్రం". ఆ తర్వాత "ఎప్పుడు చూసినా", "కనీసం", "ఒక్కదాన్నే". ఇవి తీసేసి చదివితే మెసేజ్‌లో సగం కోపం ఉండదు, సమాచారం ఏమీ తగ్గదు. తెలుగులో కోపం ఇలాంటి తోకల్లో దాక్కుంటుంది. "నువ్వు ఖర్చు పెట్టావు" అనాలంటే "నువ్వు" అన్న మాట రాయక్కర్లేదు కూడా, "పెట్టావు" లోనే ఆ మనిషి ఉన్నాడు. "ఎంత పెట్టావు" అంటే వేలు చూపించినట్టు, "ఎంతయింది" అంటే డబ్బు సంగతి అడిగినట్టు. కాబట్టి మెసేజ్ రాశాక ఒకసారి క్రియలు చూసుకోండి, వాటి చివర "ఆవు", "ఆరు" అని ఎన్ని ఉన్నాయో. ఖర్చు గురించిన ప్రతి క్రియకీ అదే ఉంటే, మళ్ళీ రాయాలి.

ఇంకోటి గమనించారా? మామూలు రోజుల్లో ఆవిడ అత్తగారిని "అత్తయ్య" అనే అంటుంది. ఈ మెసేజ్‌లో ఆవిడ "మీ అమ్మ" అయిపోయింది. ఇది నేను చాలా ఇళ్ళల్లో చూశాను. డబ్బు మాట రాగానే మావయ్య "మీ నాన్న" అవుతాడు, బావమరిది "మీ తమ్ముడు" అవుతాడు. వరస మారిందంటే అవతలివాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది, ఇది లెక్క కాదు, యుద్ధం అని.

కానీ ఈ మెసేజ్‌లో అసలు తప్పు మాటల్లో లేదు. మాటలు ఎంత మెత్తబరిచినా పోని తప్పు ఇంకొకటుంది. ఆవిడ లెక్క చూద్దాం రమ్మని పిలుస్తూనే, లెక్క చూడకముందే తీర్పు రాసేసింది. డబ్బు ఎక్కడికి పోతోంది? అత్తగారింటికి, ఆయన కార్డుకి. అయిపోయింది, ఇంక కూర్చోవడం దేనికి?

ఆ తీర్పు నిజమా కాదా చూద్దాం. తర్వాత వాళ్ళు నిజంగా కూర్చున్నప్పుడు కాగితం మీద వచ్చింది ఇది. ఈఎమ్ఐ 38,500. కిరాణా, పాలు, కూరలు 16 వేలు. ఆయన అమ్మానాన్నలకి 10 వేలు. ఆవిడ చీటీ 5 వేలు. కరెంటు, గ్యాసు, ఫోన్లు, నెట్ కలిపి 5,500. పెట్రోలు 5 వేలు. ఫ్లాట్ మెయింటెనెన్స్ 3,500, పనమ్మాయికి 3 వేలు. ఇదంతా కలిపితే 86,500. దీనిమీద కార్డు మీద కొనేవి, అంటే బట్టలు, మందులు, బయటి తిండి, అన్నీ కలిపి 15 వేలు. మొత్తం లక్షా పదిహేను వందలు. చేతిలో 8,500 మిగలాలి. మరీ అంత చెడ్డగా లేదు కదా?

ఇందులో పాప స్కూల్ ఫీజు లేదు. అది నెలనెలా రాదు కాబట్టి ఇద్దరి బుర్రల్లోనూ అది నెల ఖర్చు కాదు. జూన్‌లో 45 వేలు, అక్టోబరులో 45, జనవరిలో 45. ఏడాదికి లక్షా ముప్ఫై అయిదు వేలు, నెలకి వేసుకుంటే 11,250. మిగిలేదే 8,500. అంటే పెళ్ళిళ్ళు, పేరంటాలు, బండి రిపేర్లు ఏవీ లెక్కేసుకోకుండానే ఈ ఇల్లు నెలకి 2,750 లోటులో నడుస్తోంది. ఎవరూ దుబారా చెయ్యట్లేదు, ఎవరూ దాచుకోవట్లేదు.

మరి 46 వేల బిల్లు? అక్టోబరు ఫీజు ఆయన కార్డు మీద కట్టాడు. నవంబరులో బిల్లు 60 వేలు వస్తే 30 వేలు కట్టి, మిగతా 30 వేలు ముందుకి తోశాడు. కార్డు బాకీని అలా తోస్తే చాలా కార్డుల మీద నెలకి మూడు, మూడున్నర శాతం వడ్డీ పడుతుంది. ముప్ఫై వేల మీద మూడున్నర శాతమంటే 1,050, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 189. పాత బాకీ ఉన్నన్నాళ్ళూ కొత్తగా కొన్నవాటికి వడ్డీలేని గడువు కూడా ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలు. ఇది చాలామందికి తెలీదు, ఆయనకీ తెలీదు. సో, డిసెంబరు బిల్లులో పాత 30 వేలు, కొత్త 15 వేలు, పైన వడ్డీ. ఆవిడ చూసింది 46 వేలు, అనుకుంది ఒక్క నెలలో 46 వేలు తగలేశాడని. ఆయన తగలేసింది కూతురి ఫీజు!

ఆ మొదటి మెసేజ్ వెళ్ళుంటే ఏమయ్యేదో ఊహించండి. ఆయనకి "కార్డు గీకుడు" మాట దగ్గరే ఒళ్ళు మండేది, ఎందుకంటే అది అన్యాయం. "మీ అమ్మ" మాట దగ్గర ఇంకా మండేది. ఆయన తిరిగి ఆవిడ చీటీ గురించి ఎత్తేవాడు. ఫీజు సంగతి ఎవరికీ గుర్తొచ్చేది కాదు. అందుకే నేను చెప్పేది, మెసేజ్‌లో రోగం పేరు రాయొద్దు. మీకు తెలిసిందే అనుకున్నా రాయొద్దు, ఎందుకంటే మీరు చూస్తున్నది ఇంటి డబ్బులో మీ వైపు సగం. రెండో సగం అవతలివాళ్ళ ఫోన్లో ఉంది.

సరే, ఆవిడ చివరికి పంపింది ఇది. ఇద్దరం కూర్చుని రాశాం.

"ఆదివారం టిఫిన్ అయ్యాక ఒక అరగంట ఇంటి లెక్క చూద్దామా? జనవరిలో పాప మూడో టర్మ్ ఫీజు ఉంది, దేంట్లోంచి తియ్యాలో నాకు తేలట్లేదు. నా యూపీఐ ఖర్చులు, చీటీ పుస్తకం నేను తీసి పెడతాను. మీరు కార్డు బిల్లులు రెండు నెలలవి డౌన్‌లోడ్ చేస్తే చాలు. ఆదివారం కాకపోతే ఎప్పుడు వీలో చెప్పండి."

అయిదు వాక్యాలు. ఒక్కోటీ ఎందుకుందో చెప్తాను.

మొదటి వాక్యంలో పని, రోజు, ఎంతసేపు, మూడూ వచ్చేశాయి. ఇది కావాలనే ముందు పెట్టాం, ఎందుకంటే ఫోన్ లాక్ అయి ఉన్నప్పుడు తెర మీద మామూలుగా కనపడేది మొదటి ఒకటి రెండు లైన్లే. ఆఫీసులో మీటింగ్‌లో ఉన్న మనిషికి "మీతో ఒక విషయం మాట్లాడాలి" అని కనపడిందనుకోండి, ఆ మీటింగ్ అయ్యేదాకా ఆయన బుర్రలో పది సినిమాలు ఆడతాయి. దయచేసి "మాట్లాడాలి" అని రాసి వదిలెయ్యొద్దు. ఏ విషయమో అదే లైన్లో చెప్పెయ్యండి. "అరగంట" అన్న మాట కూడా పనిచేస్తుంది. డబ్బు మాట్లాడుకుందాం అంటే జనం పారిపోయేది డబ్బుకి భయపడి కాదు, అది రాత్రి ఒంటిగంటదాకా సాగుతుందని.

రెండో వాక్యంలో ముందున్న ఖర్చు ఒకటి పెట్టాం, అయిపోయిన ఖర్చు పెట్టలేదు. జరిగిపోయినదాని గురించి అడిగితే ఎవరైనా సంజాయిషీలోకి వెళ్తారు. రాబోయేదాని గురించి అడిగితే ఇద్దరూ ఒకే వైపు నిలబడతారు. "నాకు తేలట్లేదు" అనడం కూడా నిజమే, ఆవిడకి నిజంగా తేలట్లేదు. అక్కడ "మీరు చెప్పట్లేదు" అని ఉంటే కథ మళ్ళీ మొదటికొచ్చేది.

మూడోది నాకు ఇష్టమైన వాక్యం. ముందు తన కాగితాలు బయటపెడతానంది. లెక్క చూద్దాం అని పిలిచేవాళ్ళు తమ జేబు ముందు విప్పకపోతే అది తనిఖీ అవుతుంది. ఈవిడ విషయంలో చీటీ పెద్ద మెలిక, ఎందుకంటే అది ఆయనకి చెప్పే వేసినా ఎన్ని నెలలయిందో, ఎంత కట్టిందో ఆయనకి ఎప్పుడూ లెక్క తెలీదు, ఆయన మనసులో అది "ఆవిడ డబ్బు". ఆ పుస్తకం తనంతట తనే తెస్తాననగానే ఆయనకి కార్డు బిల్లు తేవడం పెద్ద కష్టం అనిపించలేదు.

నాలుగోది, అవతలివాళ్ళని అడిగే పని ఒక్కటే ఉండాలి, చిన్నదిగా ఉండాలి. "ఆర్నెల్ల స్టేట్‌మెంట్లు, ఇన్సూరెన్సులు, మీ ఆఫీసు లోను వివరాలు అన్నీ పట్రండి" అంటే ఆ మనిషి ఇన్‌కమ్‌టాక్స్ వాళ్ళని చూసినట్టు చూస్తాడు. చివరి వాక్యం, తప్పుకోవడానికి దారి. తప్పించుకోవడానికి కాదు, ఇంకో రోజు చెప్పడానికి. "వీలు చూసుకుని చెప్పండి" అని వదిలేస్తే ఆ వీలు ఎప్పటికీ రాదు, అందుకని ఒక రోజు మీరు చెప్పాలి, మార్చుకునే చోటు వాళ్ళకివ్వాలి.

ఇందులో లేనివి కూడా చూడండి. మూడువేల బ్యాలెన్స్ లేదు. 46 వేలు లేదు. స్క్రీన్‌షాట్ లేదు. స్క్రీన్‌షాట్ పంపే అలవాటు ఈమధ్య బాగా పెరిగింది, బ్యాలెన్స్ ఫోటో తీసి కింద ఏమీ రాయకుండా పంపేస్తారు. ఏమీ రాయలేదు కాబట్టి ఏమీ అనలేదనుకుంటారు, అంతకంటే పెద్ద నేరారోపణ ఉండదు. అలాగే "నేను మిమ్మల్ని తప్పుపట్టట్లేదు" అని కూడా రాయలేదు. ఆ మాట చదవగానే, ఓహో తప్పుపట్టే విషయం ఏదో ఉందన్నమాట అనిపిస్తుంది. మెసేజ్ నిజంగా తప్పు పట్టకపోతే, పట్టట్లేదని చెప్పే అవసరమే రాదు.

ఎప్పుడు పంపాలి అన్నది కూడా చెప్పేస్తాను. 22 సాయంత్రం కాదు. బ్యాలెన్స్ చూసిన వెంటనే రాసింది పంపొద్దు, డ్రాఫ్టులో పెట్టి పొద్దున చదవండి. వాట్సాప్‌లో పంపాక 15 నిమిషాలదాకా దిద్దుకోవచ్చు నిజమే, డిలీట్ కూడా చెయ్యొచ్చు, కానీ డిలీట్ చేసినట్టు అవతల కనపడుతుంది, అప్పుడు ఏం రాసి తీసేశావో అన్న కొత్త గొడవ. ఆవిడ రెండు రోజులాగి, మధ్యాహ్నం భోజనం టైమ్‌లో పంపింది. ఇంకో జాగ్రత్త, పంపే ముందు పైన పేరు చూసుకోండి. ఒకావిడ ఇలాంటిది అత్తింటివాళ్ళ ఫ్యామిలీ గ్రూపులో పెట్టేసింది. (నవ్వులు) నవ్వండి నవ్వండి, ఆవిడ మూడు పండగలకి ఆ ఊరెళ్ళలేదు.

ఇప్పుడు మగవాళ్ళ సంగతి. ఇంకో ఇంట్లో ఆయన ఒక్కడే సంపాదిస్తాడు, ఇంటి ఖర్చు ఆవిడ చేతిమీద నడుస్తుంది, నెలకి 30 వేలు ఆవిడ అకౌంట్లో వేస్తాడు. ఇరవయ్యో తేదీకి ఆవిడ ఇంకో అయిదువేలు అడుగుతుంది. ఆయన రాసేది ఏంటంటే, "30 వేలు ఏం చేస్తున్నావ్? లెక్క చెప్పు." అయిదారు మాటలు, అంతే. కానీ ఆ ఇంట్లో "లెక్క చెప్పు" అంటే యజమాని గుమాస్తాని అడిగినట్టు. నేను ఆయనతో మార్పించింది ఇది.

"ఆ 30 వేలు రేటు పెట్టి రెండేళ్ళయింది, ఇప్పటి ధరలకి సరిపోతుందో లేదో ఇద్దరం కలిసి చూద్దామా? శనివారం బాబు ట్యూషన్‌కి వెళ్ళాక. నా జీతంలో మిగతాది ఎటు పోతోందో నేను కాగితం మీద రాసి తెస్తా, నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నువ్వు కిరాణా, పాల లెక్క గుర్తున్నంతవరకు చెప్తే చాలు."

"చెప్పు" పోయి "చూద్దామా" వచ్చింది, అంతకంటే ముఖ్యం, సంపాదించే మనిషి తన జీతం ఎటు పోతోందో ముందు రాసి తెస్తానన్నాడు. చాలా ఇళ్ళల్లో ఆవిడకి ఆయన జీతం ఎంతో కచ్చితంగా తెలీదు. తెలియని మనిషిని లెక్క అడగడం ఎంత న్యాయమో మీరే చెప్పండి.

జవాబు ఏమొస్తుంది? "సరే" అని వస్తే ఇంకేం రాయొద్దు. సంబరపడి వెంటనే లిస్టు పంపొద్దు. "ఇప్పుడేమైంది?" అని వస్తే, "ఏమీ కాలేదు, ఫీజు ముందే చూసుకుందామని" అని ఒక్క లైను. "నా మీద నమ్మకం లేదా?" అని వచ్చిందనుకోండి, అది కోపం కాదు, భయం. ఎక్కడో ఏదో ఉంది, చెప్పడానికి మొహమాటపడుతున్నారు, ఒక చేబదులో, స్నేహితుడికిచ్చి రాని డబ్బో. అప్పుడు ఫోన్లో వాదించొద్దు. "ఉంది. నాక్కూడా కొన్ని చెప్పాల్సినవి ఉన్నాయి, ఇంటికొచ్చాక టీ తాగుతూ మాట్లాడుకుందాం" అనండి, మీ దగ్గర నిజంగా చెప్పాల్సినది ఉంటేనే. బ్లూ టిక్ పడి జవాబు రాకపోతే రెండు రోజులాగి నోటితో అడగండి. రెండో మెసేజ్ పెట్టొద్దు, రెండోది రిమైండర్ అవుతుంది, మూడోది నోటీసు అవుతుంది.

ఆ మొదటి జంట ఆదివారం కూర్చున్నారు, అరగంట అన్నది గంటన్నర అయింది. ఆవిడ చీటీ లక్ష రూపాయలది, ఇరవై నెలలు, సగం పైనే అయిపోయింది. జనవరిలో పాడుకున్నారు, పాటలో వదులుకున్నదీ కమీషనూ పోను 87 వేలు చేతికొచ్చాయి. కార్డు పాత బాకీ 30 వేలు, ఫీజు 45 వేలు కట్టగా 12 వేలు మిగిలాయి, అవి జూన్ ఫీజుకని వేరే అకౌంట్లో పెట్టారు. మిగతా వాయిదాలు కట్టాలి, లోటు ఇంకా ఉంది, ఏమీ మాయమైపోలేదు. అందుకని కార్డు ఖర్చు 15 వేల నుంచి 11 వేలకి దించుకుంటామన్నారు. అత్తయ్యకి పంపే పదివేల సంగతి ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. నా సలహా అదే, మొదటిసారి కూర్చున్నప్పుడు రెండువైపుల పుట్టిళ్ళ డబ్బు జోలికి వెళ్ళొద్దు.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, వెనక నీలం చీర అమ్మా, చెప్పండి.

(ఒక మహిళ: మీరు చెప్పినట్టే మెత్తగా రాశాను సార్, ఆయన "డబ్బు విషయాలు నీకెందుకు" అంటారు. నా జీతం ఏటీఎం కార్డు కూడా ఆయన దగ్గరే ఉంటుంది.)

అమ్మా, అది మెసేజ్‌తో తేలే విషయం కాదు. నేను ఇందాక చెప్పినదంతా, ఇద్దరికీ డబ్బు మీద అంతో ఇంతో చెయ్యి ఉండి, మాట కుదరని ఇళ్ళకి. మీ జీతం మీ చేతికి రాకపోవడం, ఖర్చుకి అడుక్కోవాల్సి రావడం, వీటిని 2005 గృహహింస చట్టం ఆర్థిక హింస అనే అంటుంది, కొట్టడం తిట్టడం ఒక్కటే హింస అనదు. మాటలు ఇంకా మెత్తగా రాయాల్సిందేమో అని మిమ్మల్ని మీరు తప్పుపట్టుకోవద్దు. మీకు భయం లేకుండా ఉంటే ముందు బ్యాంకుకెళ్ళి జీతం అకౌంట్‌కి కొత్త కార్డు, మీ నంబరుకి ఎస్సెమ్మెస్‌లు పెట్టించుకోండి. భయం ఉంటే అది కూడా ఒంటరిగా చెయ్యొద్దు, 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది, లేదా ఈ మీటింగ్ అయ్యాక ఒక పది నిమిషాలు పక్కన కూర్చుందాం. ఫోన్లో రాయకండి, ఆయన మీ ఫోన్ చూస్తుంటే.

ఇంకెవరు? బాబూ, మైకు ఆయనకివ్వు.

(ఒక యువకుడు: మాకు ఇంకా పెళ్ళయి నాలుగు నెలలే సార్, ఇద్దరికీ విడివిడి అకౌంట్లు, గొడవలేం లేవు. ఇప్పుడు అడిగితే లేనిపోనిది తెచ్చినట్టవుతుందేమో.)

గొడవ లేనప్పుడే మెసేజ్ రాయడం తేలిక. మీకు ఇంకా చిన్నగా సరిపోతుంది. "అద్దె నేను, కిరాణా నువ్వు అని మొదట్నుంచీ అలా నడిచిపోతోంది, ఎవరిమీద ఎక్కువ పడుతోందో ఒకసారి చూద్దామా, శనివారం బయట కాఫీకి వెళ్ళినప్పుడు?" అని పెట్టండి. కాఫీ బిల్లు మీరు కట్టండి. (నవ్వులు) ఆ తర్వాత ఇంకో మాట రాయకుండా ఫోన్ జేబులో పెట్టుకోండి.

పక్కాయన చెయ్యెత్తారు, వారికివ్వండి.